రెండు కొత్తవలసలు, ఒక రిపోర్టు

ఈసారి మా హాస్టల్ గదిలో జరిగిన ఒక సంగతి రాస్తున్నాం. ఇది మా కథ కాదు, మా గదిలో ఉండే అక్కది. పేరు రాయొద్దంది, కథ రాసుకోమంది. సంస్థ పేరు, మండలం పేరు కూడా రాయడం లేదు. ఊళ్ల పేర్లు మార్చాం, కానీ అలాంటి పేర్లే పెట్టాం. ఎందుకంటే కథంతా ఆ పేర్లలోనే ఉంది.

అక్క డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఇంటర్న్‌షిప్ కోసం మన్యంలో తాగునీటి మీద పనిచేసే ఒక సంస్థలో చేరింది. అక్కడ ఇంటర్న్‌లు నలుగురు, మన పిల్ల తను ఒక్కతే. మొదటి నెలంతా ఆఫీసులో ఏమీ మాట్లాడేది కాదు. మేనేజర్ మేడమ్ "అర్థమైందా?" అంటే అర్థం కాకపోయినా తలూపి, రాత్రి గదికొచ్చి మమ్మల్ని అడిగేది. మాకు మాత్రం ఏం తెలుసు? నలుగురం కలిసి ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లం. అలా మాకూ కొంచెం ఎక్సెల్ వచ్చింది.

తనకిచ్చిన పని వినడానికి చిన్నదే. ఒక మండలంలో 58 గూడేలు. ఏ గూడెంలో ఎన్ని కుటుంబాలు ఉన్నాయి, పనిచేసే నీటి వనరులు ఎన్ని ఉన్నాయి అని వాలంటీర్లు తిరిగి ఫారాలు నింపుకొచ్చారు. వనరు అంటే బోరు కావచ్చు, కొండ ఊట నుంచి పైపు వేసి తెచ్చిన గ్రావిటీ కుళాయి కావచ్చు. బోరుండి పాడైపోతే అది లెక్కలోకి రాదు. ఆ ఫారాల వివరాలు ఒక షీట్‌లో ఎక్కించారు. ఆఫీసు దగ్గర పంచాయతీల వారీగా గూడేల జాబితా ఇంకో షీట్ ఉంది. ఈ రెండూ కలిపి ఒక పట్టిక చేయాలి. అందులోంచి 3వ పేజీలో ఒక చిన్న జాబితా తీయాలి: పనిచేసే వనరు ఒక్కటి కూడా లేని గూడేలు. ఎండాకాలం ముందు మండలం ఆఫీసు మీటింగులో బోర్ల మరమ్మతు గురించి మాట్లాడేటప్పుడు ఈ జాబితానే ముందు పెడతారు. మిగతా 11 పేజీలు ఎవరూ చదవరని మేడమే చెప్పిందట.

రెండు షీట్లు కలపడానికి అక్క వాడిన ఫార్ములా ఇది.

```
=VLOOKUP(C2,Survey!A:D,2,FALSE)
```

C2లో ఉన్న గూడెం పేరు పట్టుకుని సర్వే షీట్‌లో మొదటి వరసలో పైనుంచి కిందకి వెతుకు, దొరికిన చోట రెండో వరసలో ఉన్న అంకె తెచ్చి పెట్టు అని దీని అర్థం. చివర FALSE పెడితే పేరు సరిగ్గా అదే అయితేనే తెస్తుంది. పేరు దొరకకపోతే #N/A అని చూపిస్తుంది. అక్కకి మొదటి రోజు 14 చోట్ల #N/A వచ్చింది. ఒకచోట పుట్టు అని, ఇంకోచోట పుట్ అని రాసి ఉంది. కొన్ని పేర్ల వెనక కనబడని ఖాళీ ఉంది. రెండు రోజులు కూర్చుని అవన్నీ సరిచేసింది. ఒక్క #N/A కూడా లేకుండా షీటు శుభ్రంగా కనబడేసరికి పని అయిపోయిందనుకుంది. శుక్రవారం సాయంత్రం మేడమ్‌కి పంపింది, మేడమ్ అదే రోజు మండలం ఆఫీసుకి పంపేసింది. మీటింగు సోమవారం పొద్దున్న.

ఆ మీటింగులో రెండు నిమిషాలు నువ్వే చెప్పాలని మేడమ్ అక్కకి చెప్పింది. ఇక చూడండి. శనివారం మధ్యాహ్నం నుంచి తను అన్నం సరిగ్గా తినలేదు. రాత్రి మమ్మల్ని మంచాల మీద కూర్చోబెట్టి, మీరే ఆఫీసర్లనుకుని అడగండి అంది. మాలో ఒకమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, గొంతు మార్చి అడిగింది.

"ఏమ్మా, మొత్తం కుటుంబాలెన్ని?"

"2,316 సార్."

"ఇక్కడ 2,289 అని ఉందేటమ్మా?"

అందరం నవ్వాం. ఆటపట్టిస్తోందనుకున్నాం. కానీ ఆ అమ్మాయి చూస్తున్నది సర్వే షీట్, కింద మొత్తం నిజంగానే 2,289 అని ఉంది. అక్క చూస్తున్నది రిపోర్టు. రెండిటికీ తేడా 27.

మాలో బీకాం చదివే అమ్మాయి వెంటనే, 27 తొమ్మిదితో పోతుంది కాబట్టి ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి అంది. ఇది ఖాతాలు రాసేవాళ్లకి తెలిసిన కిటుకు. 36 రాయాల్సిన చోట 63 రాస్తే తేడా 27 వస్తుంది. రెండంకెల సంఖ్యని ఏదైనా తిరగేసి రాస్తే తేడా ఎప్పుడూ 9 ఎక్కంలోనే ఉంటుంది. తేడా 27 అంటే ఆ రెండు అంకెల మధ్య దూరం 3 ఉండాలి. అంటే 41-14, 52-25, 63-36, 74-47 లాంటివి వెతకాలి. ఒక గంట వెతికాం. ఒక్కటీ లేదు. (కిటుకు మంచిదే. కాకపోతే 9 ఎక్కంలో ఉన్న ప్రతి తేడా తారుమారు వల్లే రాదు. అది ఆ రాత్రి తెలిసింది.)

తర్వాత పాత పద్ధతిలోకి దిగాం. ఒకరు రిపోర్టులో గూడెం పేరు, అంకె చదవడం, ఇంకొకరు సర్వే షీట్‌లో టిక్కు పెట్టడం. ఇరవై పేర్లు దాటాక "కొత్తవలస, 64" అని చదివితే గోడవైపు తిరిగి పడుకున్న అమ్మాయి లేచి కూర్చుంది.

"ఏ కొత్తవలస?"

"రెండున్నాయి. రెండిట్లోనూ 64 అనే ఉంది."

"కొండమీద కొత్తవలసలో 64 గడపలేటి? మా పిన్నిది ఆ ఊరే. నలభై కూడా ఉండవు."

అప్పుడు పక్కపక్కన పెట్టి చూశాం. రిపోర్టులో కొత్తవలస రెండు పంచాయతీల్లో ఉంది. రెండిటికీ 64 కుటుంబాలు, 3 వనరులు. సర్వే షీట్‌లో మాత్రం ఒక కొత్తవలసకి 64 కుటుంబాలు, 3 వనరులు. ఇంకా కింద ఇంకో కొత్తవలసకి 37 కుటుంబాలు, వనరులు 0. 64లోంచి 37 తీసేస్తే 27.

జరిగింది ఇది. ఆ ఫార్ములా పైనుంచి వెతుకుతుంది, మొదటి కొత్తవలస దొరకగానే ఆగిపోతుంది. కింద ఇంకో కొత్తవలస ఉందని దానికి తెలీదు, అడగదు. పేరు తప్పుంటే #N/A అని అరుస్తుంది గానీ, ఒకే పేరుతో రెండు ఊళ్లుంటే నోరెత్తదు. రోడ్డు పక్కన ఉన్న కొత్తవలస అంకెలే తీసుకెళ్లి కొండమీద కొత్తవలస పక్కన కూడా పెట్టేసింది. కొండమీద ఊరికి మూడు బోర్లు ఇచ్చేసింది, కాగితం మీద.

మన ప్రాంతంలో ఇదెంత తేలిగ్గా జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఒక ఊరు పెరిగి కొన్ని కుటుంబాలు విడిపోయి వేరేచోట ఇళ్లు వేసుకుంటే అది కొత్తవలస, కొత్తవీధి, కొత్తూరు. పనసచెట్లున్న చోట పనసపుట్టు. పక్క పంచాయతీ వాళ్లూ అలాగే పెట్టుకుంటారు. ఒక రెవెన్యూ గ్రామం కింద నాలుగైదు గూడేలు ఉంటాయి. రెవెన్యూ గ్రామానికి జనాభా లెక్కల్లో కోడ్ నంబరు ఉంటుంది, ఆ లెక్కల్లో దాని కింద గూడేలకి వేరే నంబరు ఉండదు. అందుకని పేరుతోనే నడిపిస్తారు. మనం మాత్రం "కొండమీద కొత్తవలస", "రోడ్డు కొత్తవలస" అనుకుంటాం. ఆ మాటలు ఏ షీట్‌లోనూ ఉండవు.

కొత్తవలస అంకె మార్చాం. మొత్తం సరిగ్గా 2,289 వచ్చింది. హమ్మయ్య అనుకుని లైటు తీసేశాం.

అక్క పడుకోలేదు. అర్ధరాత్రి దాటాక ల్యాప్‌టాప్ వెలుగు కనబడి లేస్తే తను మూలన కూర్చుని ఉంది. ఒకే పేరు రెండుసార్లున్నవి ఇంకేమైనా ఉన్నాయేమో చూద్దామని పక్క వరసలో ఇది రాసిందట.

```
=COUNTIF(C:C,C2)
```

ఆ పేరు వరస మొత్తంలో ఎన్నిసార్లుందో ఇది లెక్కపెడుతుంది. అన్నిటికీ 1 రావాలి. కొత్తవలసకి 2 వస్తుందని తెలుసు. దాంతోపాటు పనసపుట్టుకి 2, కొత్తూరుకి 2 వచ్చాయి. రెండో పనసపుట్టులో నిజానికి 46 కుటుంబాలు, రిపోర్టులో 28 పడ్డాయి. అంటే 18 తక్కువ. రెండో కొత్తూరులో నిజానికి 17, రిపోర్టులో 35 పడ్డాయి. అంటే 18 ఎక్కువ. ఒకటి తగ్గితే ఒకటి పెరిగి రెండూ చెల్లుకు చెల్లు. అందుకే మొత్తం సరిపోయింది. మొత్తం సరిపోయిందని మేం నిద్రపోయాం.

కుటుంబాల సంఖ్య ఒక ఎత్తు, 3వ పేజీ ఒక ఎత్తు. కొండమీద కొత్తవలసలో పనిచేసే వనరు లేదు, రెండో కొత్తూరులోనూ లేదు. రెండూ ఆ జాబితాలో లేవు. రిపోర్టులో 4 గూడేలున్నాయి, ఉండాల్సినవి 6.

ఆదివారం తెల్లారి గదిలో పెద్ద చర్చ. చెప్పొద్దని ఒకరు, ఎవరు చూస్తారు, 58 గూడేల్లో మూడే కదా అని. చెప్పకుండా సరిచేసిన ఫైలు మళ్లీ పంపెయ్, మొదటిది ఓపెన్ కాలేదేమోనని మళ్లీ పంపానని చెప్పు అని ఇంకొకరు. ఈ రెండో సలహా మాకందరికీ బాగా నచ్చింది, నిజం చెప్పాలంటే. అక్కే కాదంది. పాత ఫైలు ఇప్పటికే మండలం ఆఫీసులో ఉంది. కొత్తది మేడమ్ దగ్గరికే వెళ్తుంది. రెండిటి పేరూ ఒకటే, Water_Report_Final. సోమవారం ఆఫీసరు చేతిలో 4 ఊళ్ల కాగితం, మేడమ్ చేతిలో 6 ఊళ్ల కాగితం ఉంటాయి. అప్పుడు అందరి ముందు తెల్లబోయేది మేడమ్.

తన భయం వేరే ఉంది. అది చాలాసేపటికి చెప్పింది. ఇంటర్న్‌షిప్‌కి మార్కులు వేసేది మేడమే. అదొకటి. మిగతా ముగ్గురు ఇంటర్న్‌లు పట్నం పిల్లలు. వాళ్లెవరైనా తప్పు చేస్తే ఆ పిల్ల తప్పు చేసిందంటారు. నేను చేస్తే ఈ పిల్లలకి లెక్కలు రావంటారు, వచ్చే ఏడాది మనవాళ్లని ఎవరినీ తీసుకోరు అంది. దీనికి మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కొండమీద కొత్తవలస అమ్మాయి మాత్రం, "అక్కా, మా పిన్ని గెడ్డ నుంచి నీళ్లు మోస్తది" అంది. అంతే, ఇంకేం అనలేదు.

మెసేజ్ రాయడానికి కూర్చున్నాం. మొదటిసారి రాసింది చూస్తే సగం పైగా సారీలే. మేడమ్ చదివితే ఏం తప్పో చివరి దాకా తెలీదు. బీకాం అమ్మాయి అవన్నీ కొట్టేయించింది. చివరికి వెళ్లింది ఇది:

"మేడమ్, నమస్కారం. శుక్రవారం పంపిన రిపోర్టులో నేను చేసిన తప్పు ఒకటి దొరికింది. ఒకే పేరుతో రెండేసి గూడేలున్న మూడు చోట్ల (కొత్తవలస, పనసపుట్టు, కొత్తూరు) రెండో గూడేనికి మొదటి గూడెం అంకెలు పడ్డాయి. దీనివల్ల 3వ పేజీ జాబితా మారుతుంది. వనరు లేని గూడేలు 4 కాదు, 6. మొత్తం కుటుంబాలు 2,289. సరిచేసిన షీట్ జత చేశాను, మార్చిన గళ్లకి పసుపు రంగు వేశాను. మండలం ఆఫీసుకి వెళ్లిన కాపీలో పాత అంకెలే ఉన్నాయి. మీరు ఎప్పుడు వీలైతే అప్పుడు ఫోన్ చేస్తాను."

7:40కి పంపింది. రెండు నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. జవాబు లేదు. ఇరవై నిమిషాలు నలుగురం ఆ ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాం. టిఫిన్ గంట కొట్టినా వెళ్లలేదు. అప్పుడు మేడమే ఫోన్ చేసింది. అక్క స్పీకర్ పెట్టలేదు గానీ చిన్న గది, అంతా వినబడింది.

తిట్టలేదు. మెచ్చుకోనూ లేదు. గొంతు మాత్రం చిరాగ్గానే ఉంది, ఆదివారం పొద్దున్న కదా. మూడు ప్రశ్నలు అడిగింది. ఈ 37, ఈ 0 ఎవరు లెక్కపెట్టారు? వాలంటీర్‌ని అడిగావా? అదే ఫార్ములాతో ఇంకా ఏమేం తెచ్చావు?

మొదటిదానికి జవాబుంది. రెండోదానికి, లేదు. మూడోదానికి అక్క నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నీటికి ఎంత దూరం నడవాలి అనే వరస కూడా ఉంది రిపోర్టులో. అదీ ఆ ఫార్ములాతోనే వచ్చింది. రాత్రంతా కుటుంబాలు, వనరులు చూశాం తప్ప దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు. కొండమీద కొత్తవలసకి 100 మీటర్లని ఉంది, రోడ్డు కొత్తవలసది. ఫారంలో చూస్తే కిలోమీటరున్నర.

"అది కూడా తప్పే మేడమ్, ఇప్పుడే చూశాను" అంది. అవతల కాసేపు ఏమీ వినబడలేదు.

"పదింటికి ఆఫీసుకి రా. ఫారాల కట్ట తీసి ఉంచుతాను."

ఆఫీసులో ముందు చేసింది ఫార్ములా మార్చడం. పంచాయతీ పేరు, గూడెం పేరు కలిపి ఒక కొత్త వరస చేశారు, రెండు షీట్లలోనూ. రిపోర్టు షీట్‌లో ఇలా.

```
=B2&"-"&C2
```

ఇప్పుడు ఒక్కో గూడేనికి ఒక్కో పేరు వచ్చింది. ఒకే పంచాయతీలో రెండు కొత్తూర్లుంటే ఇది కూడా పనికిరాదని మేడమ్ చెప్పిందట. అందుకే వచ్చే సర్వే నుంచి ఫారం నంబరే రాయాలని నిర్ణయించారు. కొత్త వరస మీద COUNTIF మళ్లీ పెట్టి, అన్నిటికీ 1 వచ్చాకే ముందుకెళ్లారు. తర్వాత పట్టికలో మూడు వరసలకీ సర్వే షీట్‌తో మొత్తాలు సరిచూసి, దాంతో ఆపకుండా కాగితం ఫారాల కట్టలోంచి చేతికొచ్చినవి పది తీసి ఒక్కో అంకె చూశారు.

తర్వాత ఫోన్లు. కొండమీద కొత్తవలస వాలంటీర్ సిగ్నల్ ఉన్న చోటికి ఎక్కి మధ్యాహ్నం తిరిగి చేశాడు. 37 నిజమే, బోరు సంక్రాంతి ముందు పాడైంది, హ్యాండిల్ కొడితే గాలి వస్తోంది గానీ నీరు రావడం లేదు అని. పనసపుట్టు వాలంటీర్ కూడా అవునన్నాడు. రెండో కొత్తూరు వాలంటీర్ ఎంత చేసినా దొరకలేదు. ఆ ఊరి పక్కన చుక్క పెట్టి, "సర్వే ఫారం ప్రకారం, ఫోన్‌లో నిర్ధారించుకోలేదు" అని కింద రాయించింది మేడమ్. అక్కకి ఆ లైను రాయడం ఇష్టం లేదట, మళ్లీ తప్పులా కనబడుతుందని. మాకైతే ఆ లైనే నచ్చింది. మన ఊళ్ల గురించి రాసే కాగితాల్లో ఏది చూసి రాశారో, ఏది చూడలేదో చెప్పేది ఎన్నిట్లో ఉంటుంది?

ఫైలు పేరు మార్చి చివర తేదీ పెట్టారు. మొదటి పేజీలో పైన ఆరు లైన్ల సవరణ: ఏ గూడేలు మారాయి, పాత అంకె ఎంత, కొత్తది ఎంత, శుక్రవారం కాపీ వాడొద్దు. మండలం ఆఫీసుకి మేడమే ఫోన్ చేసి చెప్పింది.

సోమవారం మీటింగులో ఒక ఆఫీసరు అప్పటికే పాతది ప్రింటు తీసుకుని కూర్చున్నాడట. "నిన్నొకటి, ఇవాళొకటి పంపిస్తే ఎలాగమ్మా?" అని విసుక్కున్నాడు. మేడమ్ 3వ పేజీ కొత్తది ఆయన ముందు పెట్టి పాతది తీసేసుకుంది. సవరణ ఎందుకొచ్చిందో ఈ అమ్మాయి చెబుతుందని అక్క వైపు చూపించింది. అక్క రెండు నిమిషాలకి నేర్చుకున్నదంతా మర్చిపోయింది. ఈ మండలంలో కొత్తవలసలు రెండున్నాయండి, ఒకటి రోడ్డు పక్కన, ఒకటి కొండమీద, మొన్నటి కాగితంలో రెండూ ఒకటే అయిపోయాయి అని చెప్పి కూర్చుందట. గొంతు వణికిందని తనే చెప్పింది. అక్కడున్న ఇద్దరు సర్పంచులు నవ్వారట, మా దగ్గర కొత్తూర్లు కూడా రెండమ్మా అని.

ఇంటర్న్‌షిప్ మార్కులు ఇంకా రాలేదు. ఆ మీటింగు తర్వాత మేడమ్ తనతో ఈ విషయం మళ్లీ ఎత్తలేదు. కానీ కొత్త ఇంటర్న్‌లు చేసిన షీట్లు ఒకసారి చూసివ్వమని రెండుసార్లు ఇచ్చిందట. అది నమ్మకమో, పని తగ్గించుకోవడమో మాకు తెలీదు.

జాబితాలో ఆరు ఊళ్లున్నాయి. కొండమీద కొత్తవలసకి పోయిన వారం మెకానిక్ వెళ్లాడు. లోపల పైపులు తుప్పు పట్టాయి, మార్చాలి అని రాసుకుని వచ్చాడు. పైపులు ఇంకా రాలేదు. పిన్ని గెడ్డ నీళ్లే మోస్తోంది.